జాగ్రత్త బావగారి చిత్తు ఫారం

"ఇన్‌కమ్ టాక్స్ గైడు తెలుగు చేయడమంటే ఏముంది వదినా, నీకు ఎడమచేత్తో పని" అని ఆడపడుచు ఫోనులో అన్నప్పుడే వదినకి అనుమానం రావాల్సింది. ఏ పనినైనా ఎడమచేత్తో పని అని మెచ్చుకుంటున్నారంటే, దాన్ని కుడిచేత్తో చేయడానికి ఎవరూ ఒప్పుకోలేదని అర్థం.

ఆడపడుచు పలకల ఫ్యాక్టరీలో జీతాల సెక్షన్‌కి పెద్ద. ఆమె అన్నగారు, అంటే వదినగారి భర్త, అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. అందుచేత ఆ ఫ్యాక్టరీ సంగతులు వదినకి రెండు వైపుల నుంచీ అందుతుంటాయి. భర్త చెప్పేవి సగం, ఆడపడుచు చెప్పేవి రెట్టింపు. రెండూ కలిపి సగటు తీస్తే నిజానికి దగ్గరగా వస్తుందని వదిన లెక్క.

ఈసారి సంగతేమిటంటే, ఫ్యాక్టరీ గేటు బయట ఒక ఏజెంటు ఉన్నాడు. కార్మికుల రిటర్నులు అతనే నింపుతాడు. లేని అద్దె, పుట్టని పిల్లలు, కట్టని ప్రీమియం, ఏది తోస్తే అది రాసి, వచ్చిన రీఫండులో వాటా పుచ్చుకుంటాడు. ఏడాది తిరక్కుండా పన్నుల ఆఫీసు నుంచి "రుజువులు చూపండి" అని ఉత్తరం వస్తుంది. అప్పుడు ఏజెంటు ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాడుండడు. వాటా వెనక్కి రాదు, పన్ను మాత్రం వడ్డీతో సహా కట్టాలి. ఈ గొడవ పడలేక మేనేజరు, ఎవరి రిటర్ను వాళ్ళే నింపుకునేలా ఒక గైడు రాయమని ఆడిటర్ గారిని అడిగాడు. ఆయన ఇంగ్లీషులో బ్రహ్మాండంగా రాశారు. దాన్ని ఆయన ఆఫీసు గుమాస్తా తెలుగు చేశాడు.

ఆ తెలుగుని ఆడపడుచు ఫోనులో చదివి వినిపించింది. "అనుమతింపదగిన తగ్గింపు పరిమాణము, సదరు మదింపుదారుని స్థూల సంపూర్ణ ఆదాయమును అతిక్రమింపరాదు."

"ఇంకోసారి చదువు" అంది వదిన.

"ఇంకోసారి చదివితే ఊపిరాడదు వదినా. ఇందాకే ఆయాసం వచ్చింది."

"ఇదీ తెలుగేనా?"

"అక్షరాలు తెలుగువే. మిగతాదానికి నేను హామీ ఇవ్వలేను. నువ్వు ఇంకో రకంగా రాయి. రెండు పుస్తకాలూ క్యాంటీన్‌లో కార్మికుల ముందు పెట్టి చూద్దామన్నాడు మేనేజరు. ఎవరిది చదివి వాళ్ళు ఫారం సరిగ్గా నింపితే అదే అచ్చు. తేలకపోతే గుమాస్తాగారిదే, ఆడిటర్ గారు ముందే సంతకం పెట్టేశారు కాబట్టి."

వదిన ఒప్పుకుంది. డబ్బు కోసం కాదు, అదెంతిస్తారో ఆడపడుచు కావాలనే చెప్పలేదు. అసలు కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆమె పొద్దున్నించి చేసిన పని ఏదీ సాయంత్రానికి మిగలదు. వండింది తినేస్తారు, ఉతికింది మాసిపోతుంది, సర్దింది చెదిరిపోతుంది. కాలేజీలో చదువుకున్న చదువు బీరువా పైఅరలో పట్టాగా ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను చేసిన పని మర్నాటికి కూడా అలాగే ఉండాలని ఆమెకి కోరిక. అచ్చయిన పుస్తకం కడిగేయడానికి వీలుండదు కదా.

పైగా విషయం ఆమెకి కొత్త కాదు. పెళ్ళైన దగ్గర్నుంచీ భర్త రిటర్ను నింపేది ఆమే. ఆయన పాత్ర చివర్లో వస్తుంది. "ఎక్కడ?" అంటాడు. ఆమె వేలు పెట్టి చూపిస్తుంది. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టి, స్నేహితులతో, "టాక్స్ పని పూర్తి చేశాను, తల బొప్పి కట్టింది" అంటాడు. తర్వాత్తర్వాత అంతా కంప్యూటర్లోకి మారింది. అయినా ఆయన కోసం వదిన ముందు కాగితం మీద చిత్తు ఫారం రాస్తుంది, ఆయన దాని కింద సంతకం పెడతాడు. అలవాటు.

*

పని మొదలుపెట్టాక తెలిసింది, కష్టం మాటలతో కాదని. డిడక్షన్‌కి తగ్గింపు అని రాసేయొచ్చు. కానీ తగ్గేది ఏమిటి? పదివేలు తగ్గింపు అని రాస్తే పదివేలు పన్ను తగ్గుతుందనే అనుకుంటారు అందరూ. భర్త ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించి ఇలా రాసింది:

"తగ్గింపు అంటే ప్రభుత్వం మీ చేతిలో పెట్టే డబ్బు కాదు. పన్ను లెక్కకట్టే ముందు మీ ఆదాయంలోంచి పక్కకి తీసి పెట్టనిచ్చే భాగం. మీ ఆదాయంలో పైభాగం ఇరవై శాతం పన్ను పడే మెట్టు మీద ఉంటే, పదివేలు పక్కన పెట్టినందుకు మీకు మిగిలేది రెండు వేలు, ఇంకొంచెం సెస్సు. కాబట్టి రెండు వేలు మిగుల్చుకోవడానికి అవసరం లేని పాలసీకి పదివేలు పోయకండి."

చివరి వాక్యం ఇంగ్లీషులో లేదు. చేయి దానంతటదే రాసేసింది, ఆమె ఆపలేదు.

పీఎఫ్, జీవిత బీమా, పిల్లల ట్యూషన్ ఫీజు, ఇవన్నీ ఒకే హద్దు కిందకి వస్తాయన్న చోట ఇంగ్లీషులో అరపేజీ చుట్టుతిరుగుడు ఉంది. వదిన దాన్ని సంచి చేసింది. "వీటన్నిటికీ కలిపి ఒకటే సంచి. సంచి నిండాక ఇంకేం వేసినా కింద పడుతుంది. పీఎఫ్ మీ జీతంలోంచి కోసినప్పుడే సగం సంచి నిండి ఉండొచ్చు, ముందు లోపలికి తొంగి చూడండి."

ఇక ఇంగ్లీషు గైడులో ఉదాహరణకి ఒకడున్నాడు. మిస్టర్ ఎక్స్. జీతగాడు, ఫలానా జీతం, ఫలానా అద్దె. ఎక్స్ గారికి మొహం లేదు. వదిన అతన్ని బతికించింది. పేరు జాగ్రత్త బావగారు. కాగితం ముక్క పారేయడు. రసీదులన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో దాచి, ఆ డబ్బా మూతకి రబ్బరు బ్యాండు వేసి, మూత మీద మళ్ళీ "రసీదులు" అని రాసి, ఆ కాగితం ఊడిపోతుందేమోనని దాని మీద టేపు వేస్తాడు. అద్దె ఇంట్లో ఉంటాడు. ఇద్దరు పిల్లలు. ఫీజు రసీదులో స్కూలు బస్సు డబ్బు వేరే ఉంటే అది తీసేసి ట్యూషన్ ఫీజు మటుకే రాసుకుంటాడు. ప్రతి తగ్గింపు దగ్గరా బావగారు ఏం చేశాడో, ఎంత రాశాడో చూపించింది. గైడు చివర బావగారు నింపిన చిత్తు ఫారం.

రాసినది ఆడపడుచుకి చదివి వినిపిస్తే ఆమె ఫోనులో పడీ పడీ నవ్వింది. "వదినా, వీడెవడో నా పాత సంబంధంలా ఉన్నాడు. డబ్బా సహా."

ఆడిటర్ గారికి మాత్రం నవ్వు రాలేదు. లావుపాటి కళ్ళజోడు, దానికంటే మందమైన ఓర్పు ఉన్న మనిషి. "సంచి, డబ్బా. చట్టంలో ఇవి లేవమ్మా" అన్నారు.

"చట్టం చదివేవాళ్ళకి మీ ఇంగ్లీషు ఉంది కదండీ."

"సరే, క్యాంటీన్‌లో తేలుతుంది. ఒకటి మాత్రం మొదటి పేజీలోనే రాయాలి. పన్నుకి రెండు పద్ధతులున్నాయి. రెండింటిలోనూ లెక్క వేసుకుని, తగ్గింపులు ఉన్న పాత పద్ధతిలో తక్కువ పన్ను వస్తేనే ఈ పేజీలు. కొత్త పద్ధతిలోకి వెళ్ళేవాళ్ళు అద్దె, ఫీజు, ప్రీమియం ఇవేవీ చూపించకూడదు."

అది వదిన మర్చిపోయిన మాట. పెద్దక్షరాలతో రాసింది. ఆడిటర్ గారి మీద కొంచెం గౌరవం, ఇంకొంచెం కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

*

క్యాంటీన్ బల్లలు తుడిచి ఎనిమిది మందిని కూర్చోబెట్టారు. నలుగురికి గుమాస్తా గారి గైడు, నలుగురికి వదినది. ఎవరి జీతం సర్టిఫికెట్, ఎవరి కాగితాలు వాళ్ళు తెచ్చుకున్నారు. ముందు ఖాళీ చిత్తు ఫారాలు. చిత్తు సరిగ్గా ఉంటే దాన్ని చూసి కంప్యూటర్లో ఎక్కించుకోవడమే.

గుమాస్తా గారి నలుగురూ మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు. ఒకాయన గైడు మూసి దానితో విసురుకోవడం మొదలుపెట్టాడు. వదిన నలుగురు మాత్రం చదువుతున్నారు, నవ్వుకుంటున్నారు, పక్కవాడికి చూపిస్తున్నారు. "ఒరేయ్, బావగారి డబ్బా చూడు, మూత మీద టేపట!" ఆడపడుచు దూరం నుంచి వదిన వైపు కన్ను గీటింది. వదిన మొహం మామూలుగానే పెట్టుకుంది. లోపల మాత్రం అచ్చయిన పుస్తకం కనబడుతోంది.

ఫారాలు తీసుకుని ఆడిటర్ గారు ఒక్కొక్కటీ చూశారు. రెండోది చూసి మొదటిది మళ్ళీ చూశారు. నాలుగూ పక్కపక్కన పరిచారు.

"ఇదేమిటమ్మా? నలుగురూ ఒకే అద్దె కడుతున్నారే!"

వదిన వంగి చూసింది. నాలుగు ఫారాల్లోనూ జాగ్రత్త బావగారి అద్దె. బావగారి ప్రీమియం. బావగారి పిల్లల ఫీజు, బస్సు డబ్బు తీసేసి మరీ.

ఆ నలుగురిలో ఒకడు, ఫిట్టరు, లేచి నిలబడ్డాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. ఫ్యాక్టరీ అంతా అతన్ని బ్రహ్మచారి అనే పిలుస్తుంది, అతనికీ ఆ పేరు అలవాటైపోయింది.

"నీకు ఇద్దరు పిల్లలా?" అన్నారు ఆడిటర్ గారు.

"లేరండి."

"మరి ఫీజు రాశావే?"

"పుస్తకంలో ఉంది కదండి."

పక్కన కూర్చున్న క్రేన్ ఆపరేటర్ పగలబడి నవ్వాడు. "దాచావా బ్రహ్మచారీ! ఇద్దరే! చెప్పనేలేదే!"

"నువ్వు నవ్వకు" అన్నారు ఆడిటర్ గారు అతనితో. "సొంతింట్లో ఉంటూ అద్దె ఎవరికి కడుతున్నావు నువ్వు? మీ ఆవిడకా?"

"కడితే మాత్రం రసీదు ఇస్తుందంటారా?" అని కూర్చున్నాడు ఆపరేటర్, కొంచెం తగ్గి.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఆడిటర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మెల్లగా, కోపం లేకుండా చెప్పారు. "చూశారా? మా గుమాస్తా పుస్తకం చదివినవాళ్ళు ఏమీ రాయలేదు. దానివల్ల నష్టం లేదు. మీది చదివినవాళ్ళు నలుగురూ తప్పు రాశారు. ఇది అచ్చేసి పంచితే ఫ్యాక్టరీ మొత్తానికి ఉత్తరాలొస్తాయి. ఏజెంటు చేసిన పనే మనం అచ్చు వేయించి చేసినట్టవుతుంది. అర్థం కాని పుస్తకం కంటే తప్పుగా అర్థమయ్యే పుస్తకం ప్రమాదం."

ఆయన అన్నది నిజం. అదే వదినని ఎక్కువ బాధపెట్టింది.

"వచ్చే వారం వరకు ఆగండి" అంది. "ఇంకోసారి చూద్దాం. అప్పుడూ ఇలాగే అయితే మీ గుమాస్తా గారిదే వేయండి, నేనే అచ్చుతప్పులు దిద్దిపెడతాను."

మేనేజరు ఆడిటర్ గారి వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "ఒక్కసారి" అన్నారు.

*

జీతాల సెక్షన్ బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది వదిన, ఆడపడుచు బయటికొచ్చే దాకా. తిట్టుకోవడానికి మనిషి తోడుంటే బాగుంటుంది. ఎదురుగా గోడకి అద్దం తలుపుల నోటీసు బోర్డు. చూడటానికి వేరే ఏమీ లేక ఆమె అది చదివింది.

సెలవు చీటీ. కింద కార్మికుడి టికెట్ నంబరుతో సహా నింపి చూపించిన నమూనా. అడ్వాన్సు దరఖాస్తు, నింపిన నమూనా. బూట్ల కొలత ఫారం, దానికీ నమూనా, అందులో ఎనిమిదో నంబరు బూట్లు. అన్నిటి పైనా ఎర్ర సిరాతో ఒకటే మాట: "ఈ నమూనా చూసి ఉన్నది ఉన్నట్టు రాయవలెను. పేరు, టికెట్ నంబరు మాత్రము మార్చవలెను. ఏ గడీ ఖాళీగా వదలరాదు."

వదిన ఆ ఎర్ర అక్షరాలని చాలాసేపు చూసింది. గుండ్రటి, అందమైన చేతిరాత. ఆడపడుచుది.

ఆడపడుచు సంచి భుజానికి తగిలించుకుని వచ్చింది. "ఏమిటి వదినా, నా బోర్డుకి దిష్టి పెడుతున్నావా?"

"అమ్మాయ్, మీ ఫ్యాక్టరీలో అందరి కాలూ ఎనిమిదో నంబరేనా?"

"ఏం?"

"చెప్పు."

ఆడపడుచు నీళ్ళు నమిలింది. "ఆ ఫారం పెట్టిన ఏడాది బూట్లు కొంచెం... చాలామందికి ఎనిమిదే వచ్చాయి. తర్వాత మార్పించాం."

"చాలామందికి అంటే?"

"అందరికీ" అంది ఆడపడుచు. అని తనే బోర్డు వైపు చూసింది. చూసి నోరు తెరిచింది. మూసింది. "అయ్యో వదినా!"

"ఇన్నేళ్ళుగా నమూనా చూసి ఉన్నది ఉన్నట్టు రాయండని నేర్పింది నువ్వు. నేను చాలా చక్కటి నమూనా రాసిచ్చాను. వాళ్ళు చాలా చక్కగా ఉన్నది ఉన్నట్టు రాశారు. ఇందులో ఎవరి తప్పుందో చెప్పు."

"నాది అనిపించాలని చూస్తున్నావు కదూ."

"చూడటమేంటి, ఎర్ర సిరాతో రాసి అద్దంలో పెట్టావు."

"నమూనా లేకపోతే తండ్రి పేరు ఉండాల్సిన చోట టికెట్ నంబరు రాసేవాళ్ళు వదినా! నా బాధ నీకేం తెలుసు" అని ఆడపడుచు బెంచీ మీద కూలబడింది. మళ్ళీ తనే అంది, "పోనీ, 'ఇది నమూనా కాదు, చూసి రాయకండి' అని పైన రాద్దామా? ఎర్ర సిరాతోనే."

"ఆ మాట కూడా చూసి రాస్తారు."

ఆడపడుచు నవ్వాపుకోలేకపోయింది. "అయితే బావగారిని తీసేద్దాం. పోతే పోయాడు."

వదినకి అది మింగుడు పడలేదు. బావగారు పోతే ఆ పుస్తకం మళ్ళీ గుమాస్తా గారిదే అవుతుంది, కాస్త ఆయాసం తక్కువ. జనం నవ్వుతూ చదివింది అతనున్నాడు కాబట్టే. మనిషిని చంపేసి పుస్తకం బతికించడం ఎలా?

ఇంటికెళ్ళే దారంతా అదే ఆలోచన. క్రేన్ ఆపరేటర్ బ్రహ్మచారిని చూసి నవ్వడం గుర్తొచ్చింది. తన ఫారంలో అద్దె రాసుకున్నవాడు, పక్కవాడి ఫారంలో పిల్లలు కనబడగానే చటుక్కున పట్టేశాడు. సొంత తప్పు కనబడలేదు, ఎదుటివాడిది వెంటనే కనబడింది. ఇందులో అతన్ని అనడానికేముంది, తనూ అంతే. పెరట్లో బట్టలారేస్తూ వదిన ఒక్కసారి ఆగిపోయింది. చేతిలో తడి చొక్కా నీళ్ళు కారుతుంటే, "తోడల్లుడు!" అంది పైకే.

లోపల పేపరు చదువుకుంటున్న భర్త, "ఎవరొచ్చారు?" అన్నాడు.

"ఇంకా రాలేదు. వస్తాడు."

*

జాగ్రత్త బావగారికి ఒక తోడల్లుడు వచ్చాడు. పేరు గబగబ. సొంతింట్లో ఉంటాడు, ఒక్కడే కొడుకు, వాడూ చదువు అయిపోయి ఉద్యోగంలో ఉన్నాడు. గబగబ ఒకరోజు బావగారి ఇంటికొచ్చి, ఆయన లేని సమయంలో చిత్తు ఫారం చూసి, తన జీతం, పీఎఫ్ తప్ప మిగతాదంతా అక్షరం పొల్లు పోకుండా దించుకుపోతాడు. అతని ఫారం మొత్తం గైడులో అచ్చు వేసి, కింద వదిన ఇలా రాసింది: "ఇందులో తప్పులు పట్టండి. ఎన్ని ఉన్నాయో మేం చెప్పం."

తర్వాత పేజీలో గబగబకి ఉత్తరం వస్తుంది. అద్దెకి, ఫీజుకి రుజువులడుగుతారు. అతను బావగారి డబ్బా అప్పు అడుగుతాడు. బావగారు డబ్బా ఇస్తాడు గానీ, రసీదుల మీద బావగారి పేరే ఉంటుంది. గబగబ పన్ను, దానిమీద వడ్డీ కట్టి, భార్య చేత మరికొన్ని మాటలు పడతాడు.

బావగారు నింపిన ఫారం తీసేసింది. దాని బదులు చివర ఖాళీ ఫారం. ప్రతి గడికీ ముందు ఒక ప్రశ్న. "మీరు అద్దె ఇంట్లో ఉంటున్నారా? మీ పేరు మీద రసీదు ఉందా? రెండింటికీ అవునైతేనే రాయండి." అన్నిటికంటే పైన, పెట్టె కట్టి, "ఖాళీ గడి తప్పు కాదు. మీకు లేనిది లేదని చెప్పడం కూడా నింపడమే."

ఆడిటర్ గారు అంతా చదివారు. గబగబ దగ్గర ఆయన పెదవి ఒక పక్కకి కొంచెం కదిలింది. నవ్వో పంటినొప్పో తెలియలేదు.

"ఒక తప్పుంది" అన్నారు. "బావగారు రసీదుల నకళ్ళన్నీ రిటర్నుతో జతచేసి పంపాడని రాశారు. జతచేయరమ్మా. రిటర్నుతో ఏ రసీదూ పంపక్కర్లేదు. దాచుకోవాలి. అడిగినప్పుడు చూపించాలి."

వదిన నాలిక కరుచుకుంది. తన ఇంటి రసీదులు ఎన్నేళ్ళనుంచో అరలోనే ఉన్నాయి, ఎప్పుడూ ఎవరికీ పంపలేదు. రాసేటప్పుడు మాత్రం కథ బాగుందని పంపించేసింది.

"డబ్బా అందుకే కదండీ మరి. దిద్దుతాను."

"డబ్బా ఉంచండి" అన్నారు ఆడిటర్ గారు.

*

రెండోసారి క్యాంటీన్‌లో గోల గోలగా ఉంది. ఎనిమిది మందికీ వదిన గైడే ఇచ్చారు. గబగబ ఫారం పేజీ రాగానే అందరూ పోలీసులైపోయారు.

"అద్దె! సొంతింటికి అద్దె! ఎవడ్రా వీడు!" అని బల్ల చరిచాడు క్రేన్ ఆపరేటర్, వారం కిందట తను రాసిందే అయినా.

"కొడుకు ఉద్యోగం చేస్తుంటే ఫీజేంటి?" అంది లాబ్‌లో పనిచేసే ఆవిడ. "సంచి కూడా చూసుకోలేదు. పీఎఫ్‌తోనే నిండిపోయింది, మళ్ళీ పైన ప్రీమియం కుక్కాడు."

తప్పులు పట్టిన చేత్తోనే సొంత ఫారాలు తీశారు. ఆపరేటర్ అద్దె గడి దగ్గర పెన్ను ఎత్తి, అటూ ఇటూ చూసి, గీత గీసి ముందుకెళ్ళాడు.

బ్రహ్మచారి మాత్రం పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. వదిన అతని పక్కకి వెళ్ళింది. అతని ఫారంలో జీతం, పీఎఫ్, జీతగాళ్ళందరికీ రుజువు అడక్కుండా వచ్చే స్టాండర్డ్ డిడక్షన్. మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఏమైంది నాయనా?"

"ఇన్ని ఖాళీలుంటే బాగుంటుందా వదినగారూ?" అన్నాడు మెల్లగా. ఆడపడుచు వదినా అంటుంటే విని, ఫ్యాక్టరీలో ఆమెకి అదే పేరైపోయింది. "అద్దె లేదు, కంపెనీ గదిలో ఉంటాను. పిల్లలు లేరు. పాలసీ లేదు. చూస్తే నేనే ఖాళీగా ఉన్నట్టుంది."

క్రేన్ ఆపరేటర్ ఏదో అనబోయాడు. వదిన అతని వైపు చూసింది, అతను నోరు మూసుకున్నాడు.

"మొత్తం చదివారా? చివరి ప్రశ్న దాకా?"

"బావగారికి లేనివి ఎందుకని వదిలేశానండి."

"చదవండి. నాకూ వినిపించండి."

అతను వేలు పెట్టి చదివాడు. "మీకో, మీ భార్యా పిల్లలకో, మీ తల్లిదండ్రులకో ఆరోగ్య బీమా ప్రీమియం మీరు కడుతున్నారా? నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా కట్టారా?" ఆగాడు. మళ్ళీ చదివాడు, ఈసారి లోపల. "తల్లిదండ్రులకి కూడానా అండి?"

"కడుతున్నారా?"

"అమ్మకి. కళ్ళ ఆపరేషనప్పటి నుంచి. నా ఖాతాలోంచే పోతుంది." ఫోను తీసి వెతికాడు, గబగబ కాదు, నిదానంగా. "ఇదిగోండి. మా అమ్మే కదా, దీనికేముంటుంది అనుకున్నాను."

ఆడిటర్ గారు అప్పటికే వెనక నిలబడి ఉన్నారు. ఫోను తీసుకుని చూశారు. "ఉంటుంది. సంచిలోది కాదు, దీనికి వేరే హద్దు. రాసుకో. రాసుకుని రెండు పద్ధతుల్లోనూ లెక్క వేసుకో, ఏది తక్కువైతే అది. అంతే." ఫోను తిరిగి ఇస్తూ, "పోయినేడాది ఏం రాశావు?" అన్నారు.

"ఏజెంటు రాశాడండి. ఇద్దరు పిల్లలనే రాసి ఉంటాడు."

"మరి అమ్మ?"

"అమ్మని రాయలేదండి. అడగలేదు."

బ్రహ్మచారి ఆ ఒక్క గడిలో అంకె రాశాడు, రాసి దాని మీద ఊదాడు, బాల్ పెన్నుతో రాసినా సరే.

ఎనిమిది ఫారాలూ పరిచారు. ఏ రెండూ ఒకలా లేవు. మేనేజరు వాటిని చూసి, "ఇవి కరెక్టేనా?" అన్నాడు, అలవాటు ప్రకారం ఒకేలా లేకపోవడం వల్ల అనుమానం వచ్చి.

"ఒకాయన కూడికలో పొరపడ్డాడు. అది గైడు తప్పు కాదు" అన్నారు ఆడిటర్ గారు. గుమాస్తా గైడు తీసి, వదిన గైడు మీద పెట్టి, ఒక క్షణం ఆలోచించి, అటూ ఇటూ మార్చి వదినది పైన పెట్టారు. "అచ్చు వేయించండి."

వరండాలోకి రాగానే ఆడపడుచు వదిన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. తర్వాత బోర్డు తలుపు తీసి, బూట్ల నమూనా చించి ముక్కలు చేసింది. సెలవు చీటీ నమూనా మీద చెయ్యి వేసి ఆగింది.

"దాన్ని ఉంచు" అంది వదిన. "తండ్రి పేరు చోట టికెట్ నంబరు రాస్తారన్నావు కదా."

*

పుస్తకం అచ్చయి వచ్చింది. పలకల రంగు అట్ట. ఆడపడుచు ఖాళీ చిత్తు ఫారాన్నే నోటీసు బోర్డుకి తగిలించి, నింపిన చిత్తులు తనకిమ్మంది, కంప్యూటర్లో ఎక్కించే ముందు ఓసారి చూసి పెడతానని. నెల తిరక్కుండా ఒక సాయంత్రం కట్ట తీసుకుని వదినగారింటికే వచ్చింది.

"అన్నీ బాగున్నాయి వదినా. గబగబ ఒక్కడూ లేడు. ఒక్కటి తప్ప."

"ఏమైంది? చూసి రాశారా?"

"చూసే రాశారు. బోర్డు మీద ఖాళీ ఫారం పెట్టాను కదా. ఒకాయన దాన్ని ఉన్నది ఉన్నట్టు దించాడు." ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

వదిన చూసింది. ప్రతి గడీ తెల్లగా ఉంది. పేరు కూడా లేదు. అట్టడుగున మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం.

ఆ సంతకాన్ని గుర్తుపట్టడానికి ఆడపడుచుకైనా, వదినకైనా టికెట్ నంబరు అక్కర్లేదు. ఇద్దరూ ముందుగది వైపు చూశారు. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"అన్నయ్యా, ఇదేమిటి?"

"ఏముంది? ఎప్పుడూ నేను చేసే భాగం నేను చేశాను" అన్నాడు పేపరు వెనకనుంచి. "మిగతాది మీ వదిన చూసుకుంటుంది."

వదిన లేచింది. అరలోంచి పుస్తకం తీసింది. ఆయన చేతిలో పేపరు మెల్లగా లాగేసి, దాని చోట పుస్తకం పెట్టింది. పక్కన ఖాళీ ఫారం, పెన్ను, రసీదుల కవరు.

"ఏమిటిది?"

"చదువుకోండి. తెలుగే."

వంటగదిలో ఆడపడుచు, వదిన కాఫీ కలుపుకుంటుంటే ముందుగది చాలాసేపు చప్పుడు లేకుండా ఉంది. తర్వాత పేజీ తిప్పిన చప్పుడు. ఇంకాసేపటికి ఒక నవ్వు.

"ఈ గబగబ ఎవరో నాకు తెలిసినవాడిలాగే ఉన్నాడే!"

ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెన్ను మూత తీసిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత, కొంచెం మొహమాటంగా, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి, 'ఎక్కడ?' కాకుండా ఇంకో ప్రశ్న.

"ఏమోయ్, ఈ ఇల్లు మనదేనా, మనం అద్దె కడుతున్నామా?"

వదిన గ్లాసుల్లో కాఫీ పోస్తూ అంది.

"మనదే. ఆ గడి ఖాళీగా వదిలి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళండి."